రెండో నౌకరీకి ఇజాజత్

మా అబ్బా పగలు గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో తూకాల గుమాస్తా. సాయంత్రం ఆరింటి నుంచి మా మామూ సైకిల్ షాపులో పంచర్లు వేసేవారు. ఆ రెండో సంపాదనతోనే నా బీకాం ఫీజు కట్టారు. అందుకే 2022 సెప్టెంబరులో మా డాక్టరు గారు నన్ను పిలిచి, "రేపటికల్లా ఒక ఆర్డరు టైపు చెయ్యమ్మా. మన సెంటర్లో పనిచేసేవాళ్లు ఎవరూ బయట ఇంకో ఉద్యోగం చేయకూడదు. చేస్తే తీసేస్తాం. ఒక్క లైను చాలు" అన్నప్పుడు నా చెయ్యి వెంటనే కీబోర్డు మీదికి పోలేదు.

నేను పనిచేసేది ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో. ముప్పై నాలుగు మంది స్టాఫ్. హిసాబ్, హాజరు, తన్‌ఖాలు, సెలవులు అన్నీ నా టేబుల్ మీదే. నా గదికి హెచ్ఆర్ అనే బోర్డు లేదు గానీ ఆ జిమ్మేదారీ నాదే.

డాక్టరు గారి కోపానికి కారణం ఉంది. వారం ముందు మా లాబ్‌లో ఒక గల్తీ జరిగింది. పొద్దున తొమ్మిదిన్నరకి ఇద్దరు ఆడవాళ్లు షుగర్ పరీక్షకి పరగడుపున వచ్చారు. ఇద్దరి ఇంటిపేరూ షేక్, ఇద్దరి పేరు చివరా బీ. మన గుంటూరులో ఇది కొత్తేమీ కాదు కదా. రక్తం తీసిన టెక్నీషియన్ భాయ్ వాళ్ల ముందే ట్యూబుల మీద లేబుళ్లు అంటించకుండా, లోపల బల్ల దగ్గరికి తెచ్చి అంటించాడు. షుగర్ చూసే బూడిదరంగు మూత ట్యూబులు రెండూ తారుమారయ్యాయి.

అదృష్టం ఏమిటంటే పెద్దావిడకి మూడు నెలల షుగర్ సగటు చూసే పరీక్ష కూడా రాశారు. దానికి ఊదారంగు మూత ట్యూబు వేరే. దాని లేబుల్ సరిగ్గానే పడింది. అందులో 9.8 వచ్చింది, పరగడుపు షుగర్ మాత్రం 94. సగటు అంత ఎక్కువ ఉన్న మనిషికి పొద్దున షుగర్ మామూలుగా ఉండటం డాక్టరు గారికి షక్ కలిగించింది. సంతకం ఆపి ఇద్దరినీ మళ్లీ పిలిపించారు. 268 వచ్చిన చిన్నావిడకి అసలు షుగరే లేదు. రిపోర్టు బయటికి పోలేదు కాబట్టి నుక్సాన్ జరగలేదు.

టెక్నీషియన్ భాయ్‌ని అడిగితే అబద్ధం చెప్పలేదు. "ఆపా, రాత్ హాస్పిటల్ మే డ్యూటీ థీ. ఐదింటికి అయిపోయింది, ఏడింటికి ఇక్కడికొచ్చా" అన్నాడు. వారానికి మూడు రాత్రులు ఒక హాస్పిటల్ లాబ్‌లో చేస్తున్నాడట. ఎనిమిది నెలలుగా. మాకెవరికీ తెలియదు.

ఆ రోజుల్లో ఐటీ కంపెనీల్లో ఇదే గొడవ నడుస్తోంది. ఉద్యోగంలో ఉంటూ దొంగచాటుగా ఇంకో పని చేయడం మోసమేనని విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ఆగస్టులో ట్వీట్ చేశారు. అదే నెలలో స్విగ్గీ తన స్టాఫ్‌కి షరతుల మీద బయటి పని చేసుకోవచ్చని ప్రకటించింది. డాక్టరు గారు మొదటిది మాత్రమే చదివారు. నేను రెండు రోజులు గడువు అడిగాను.

ఆ రెండు రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే. చాయ్ తాగుతూ ఒక్కొక్కరినీ అడిగాను. పేరు రాయను, మీ మీద ఏ చర్యా ఉండదు, బయట ఏం చేస్తున్నారో చెప్పండి అన్నాను. ముప్పై నాలుగు మందిలో పదకొండు మంది ఏదో ఒకటి చేస్తున్నారు. రిసెప్షన్ అమ్మాయి సాయంత్రం పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. స్కానింగ్ రూమ్ ఆయా బ్లౌజులు కుడుతుంది. అటెండరు భాయ్‌కి ఊళ్లో ఎకరం మిర్చి ఉంది. ఇంకో టెక్నీషియన్ మా పేటలోనే వేరే లాబ్‌కి తెల్లవారుజామున ఇళ్లకి వెళ్లి శాంపిల్స్ తెచ్చిపెడతాడు. మిగతావీ ఇలాంటివే.

ఒక్క లైను ఆర్డరు వేస్తే ఏమవుతుందో అప్పుడు అర్థమైంది. బ్లౌజులు కుట్టే ఆయా, మూడు రాత్రులు నిద్రలేని భాయ్, పక్క లాబ్‌కి పనిచేసే అబ్బాయి, ముగ్గురూ ఒకే ముజ్రిమ్ అవుతారు. ఎవరూ పని మానరు, చెప్పడం మానేస్తారు. నిజం ఒప్పుకున్న మనిషిని తీసేస్తే, మిగతా పది మంది నేర్చుకునే సబక్ నోరు మూసుకోవాలన్నదే. తర్వాత ఏ ట్యూబు తారుమారైనా కారణం మాకు తెలియదు.

దారి కోసం వెతికితే చట్టంలో ఒక ముక్క దొరికింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ ప్రకారం, ఒక ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మనిషిని అదే రోజు ఇంకో ఫ్యాక్టరీలో పనికి పెట్టకూడదని అప్పట్లో ఉండేది. మాది ఫ్యాక్టరీ కాదు. కానీ అందులో మాట గమనించండి. ఆ రోజు పని చేసి వచ్చాడా అన్నదే లెక్క. యూరప్ దేశాల కూటమి 2019లో చేసిన నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది. డ్యూటీ వేళలు అయ్యాక ఇంకోచోట పనిచేయకుండా యజమాని ఆపకూడదు. ఆరోగ్యం, భద్రత, వ్యాపార రహస్యాలు, ప్రయోజనాల ఢీ లాంటి గట్టి కారణాలు ఉంటే ఆయా దేశాలు షరతులకి ఒప్పుకోవచ్చు. అంటే ఇజాజత్ ఇవ్వడం మామూలు సంగతి. ఆపాలంటే కారణం చెప్పుకోవాల్సింది యజమాని.

నేను దాన్నే తిరగేసి రెండు సవాళ్లుగా రాసుకున్నాను. ఈ రెండో పని వల్ల మన పేషెంటుకి గానీ మన సెంటరుకి గానీ నమ్మకద్రోహం జరిగే వీలుందా? ఈ రెండో పని వల్ల మనిషి నిద్ర పోతుందా? రెండింటికీ జవాబు "లేదు" అయితే అది మాకు సంబంధం లేని విషయం.

మొదటి సవాలు తేలిక అనుకున్నాను, కాదు. "పోటీ సంస్థలో పనిచేయకూడదు" అని డాక్టరు గారు రాయమన్నారు. కానీ టెక్నీషియన్‌కి వచ్చిన హునర్ ఒక్కటే, రక్తపరీక్షలు. ఏ లాబ్‌లోనూ చేయకూడదంటే అతని చేతులు కట్టేసినట్టే. అందుకని సంస్థ పేరు వదిలి పని చూశాం. రాత్రి హాస్పిటల్ లాబ్‌లో అతను చూసేది అక్కడ మంచాల మీద ఉన్న పేషెంట్ల శాంపిల్స్. వాళ్లు మా దగ్గరికి నడిచి వచ్చేవాళ్లు కారు. అక్కడ ఢీ లేదు. పక్క లాబ్‌కి ఇంటింటికీ తిరిగే అబ్బాయి సంగతి వేరు. మా పేషెంట్ల ఫోన్ నంబర్లు అతని చేతిలో ఉన్నాయి. అక్కడ అతనికి తలకి ఇంత అని ఇస్తారు. మా పేషెంటు ఫోన్ చేసినప్పుడు అతను ఎవరి కిట్ తీసుకెళ్తాడు? అతను నిజాయితీ మనిషే కావచ్చు. కానీ రోజూ ఆ ఇమ్తిహాన్‌లో మనిషిని నిలబెట్టకూడదు. దానికి ఇజాజత్ లేదని రాశాం. అతనికి రెండు నెలలు గడువిచ్చి, మా హోమ్ కలెక్షనే అతనికి అప్పగించాం.

దీన్నుంచి ఒక గుర్తు దొరికింది. బయటి పనిలో వచ్చే డబ్బు మన పేషెంట్ల రాకపోకల మీద ఆధారపడితే అది ఢీ. మన బిల్లు మీద సంతకం పెట్టే మనిషికి ఆ బిల్లు ఇచ్చినవాడి దగ్గర జీతం ఉంటే అది ఢీ.

రెండో వాక్యం రాసి నేనే ఆగిపోయాను. నేను శనివారం సాయంత్రాలు ఒక దుకాణానికి జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెలకి నాలుగు వేలు. ఆ దుకాణం మాకు సిరంజీలు, ట్యూబులు సప్లయి చేస్తుంది. వాళ్ల బిల్లులు పాస్ చేసేది నేనే. ఒక్క రూపాయి అటూ ఇటూ చేయలేదు, ఖుదా సాక్షి. అయినా పక్క సప్లయరు ట్యూబుకి యాభై పైసలు తక్కువ అన్నప్పుడు, "క్వాలిటీ చూడాలి" అని నేను ఒక నెల పక్కన పెట్టిన సంగతి గుర్తొచ్చింది. అది క్వాలిటీ గురించేనా? ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను. ఢీ అంటే ఇదే. దొంగతనం జరగక్కర్లేదు. మన ఫైసలా మీద మనకే భరోసా లేకుండా పోతుంది. మొదటి ఫారం నాదే నింపి డాక్టరు గారికిచ్చాను. ఆ నాలుగు వేలు వదులుకున్నాను.

ఇక థకావట్ సంగతి. అలసట ఎవరికి వారికి వేరు అంటారు, నిజమే. కానీ గంటలు లెక్కపెట్టవచ్చు. 1997లో 'నేచర్' పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషికి చేయీ కన్నూ కలిపి చేసే పనిలో తడబాటు, రక్తంలో మద్యం 0.05 శాతం ఉన్న మనిషితో సమానంగా కనిపించింది. 24 గంటలకి అది సుమారు 0.10 శాతానికి చేరింది. మన దేశంలో బండి నడపడానికి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. తాగి వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపుతాం. నిద్రలేనివాడికి సూది ఇచ్చి కూర్చోబెడతాం.

మా భాయ్ రోజు లెక్క వేశాను. పొద్దున ఆరింటికి లేచాడు. ఏడు నుంచి మూడు దాకా మా డ్యూటీ. నాలుగింటికి ఇల్లు, రెండు గదులు, ఇద్దరు పిల్లలు. నిద్ర పట్టలేదు. రాత్రి తొమ్మిది నుంచి ఐదు దాకా హాస్పిటల్. ఏడింటికి మళ్లీ మా దగ్గర. ట్యూబులు తారుమారైన తొమ్మిదిన్నరకి అతను మేలుకొని ఇరవై ఏడున్నర గంటలు. వారం మొత్తం చూస్తే మా దగ్గర 48 గంటలు, అక్కడ 24, కలిపి 72.

నిబంధనలు మూడు రాశాను. ఎక్కడ చేసిన పనైనా సరే, అది ముగిశాక మన డ్యూటీ మొదలయ్యేలోపు 11 గంటలు ఖాళీ ఉండాలి. వారంలో ఒకసారి వరసగా 24 గంటలు ఏ పనీ ఉండకూడదు. రెండు కొలువులూ కలిపి వారానికి 60 గంటలు దాటకూడదు. పదకొండు అనే అంకె యూరప్ పని వేళల నిబంధనలో ఉంది. రాకపోకలు, భోజనం, స్నానం పోగా ఏడు గంటల నిద్ర మిగలాలంటే అంత కావాలి. అరవై మాత్రం మేం పెట్టుకున్నదే. ఆరు రోజులు మా దగ్గర చేసినవాడికి పన్నెండు గంటలు బయట దొరుకుతాయి.

డాక్టరు గారు చూసి బాగుందన్నారు. అప్పుడు నేను హాజరు రిజిస్టరు తెరిచాను. మా సాయంత్రం షిఫ్టు ఒంటిగంట నుంచి తొమ్మిది దాకా. అది చేసినవాళ్లకి చాలాసార్లు మర్నాడు పొద్దున ఏడింటికే వేశాం. మధ్యలో పది గంటలే. అంతకు ముందు నెల ఎవరో సెలవు పెడితే అదే టెక్నీషియన్ చేత రెండు రోజులు పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా చేయించాం. ఫోన్ చేసి బతిమాలింది నేనే. బయటివాడి దగ్గర పద్నాలుగు గంటలు చేస్తే తప్పు, మా దగ్గర చేస్తే వఫాదారీ అంటే ఎవరు నమ్ముతారు? డాక్టరు గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోస్టరు మార్చమ్మా" అన్నారు. సాయంత్రం చేసినవాళ్లకి మర్నాడు పొద్దున వేయడం ఆపేశాం. సెలవులకి ఒక పార్ట్‌టైమ్ టెక్నీషియన్‌ని పెట్టుకున్నాం. ఆ ఖర్చు లేకుండా ఈ పాలసీ ఉత్త కాగితం.

ఫారం ఒక్క పేజీ. ఏ పని, ఎక్కడ, ఏ రోజుల్లో ఏ వేళల్లో, డబ్బు జీతమా తలకింత అనా, మన పేషెంట్లతోగానీ సప్లయర్లతోగానీ సంబంధం ఉందా, ఇంతే. ఎంత సంపాదిస్తున్నారో అడగాలని డాక్టరు గారన్నారు. నేను వద్దన్నాను. ఐదు వేలకి మేలుకున్నా పదివేలకి మేలుకున్నా నిద్ర ఒకటే. ఆ అంకె తెలిస్తే ఇంక్రిమెంటు వేళ అది అడ్డొస్తుంది, జనం అబద్ధం రాస్తారు. ట్యూషన్, కుట్టుపని, సొంత పొలం, ఇంటి దుకాణం వారానికి పన్నెండు గంటల్లోపు ఉంటే ఫారమే అక్కర్లేదు. మిగతావాటికి ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇజాజత్ ఇచ్చినట్టే. కాదంటే కారణం రాసి ఇవ్వాలి. షిఫ్టు మారినా, ఏడాది గడిచినా మళ్లీ చూడాలి. అప్పటికే చేస్తున్నవాళ్లు ముప్పై రోజుల్లో చెప్తే పాత సంగతికి శిక్ష లేదు.

ఎవరైనా దాస్తే? దాచవచ్చు. రాత్రి ఎవరి ఇంటి ముందూ నిలబడి చూడలేం, చూడకూడదు కూడా. అందుకని డ్యూటీ ఎక్కేటప్పుడు రిజిస్టరులో ఒక గడి పెట్టాం. "రాత్రి ఐదు గంటలైనా నిద్రపోయారా?" బయటి పనే కానక్కర్లేదు, పిల్లాడికి జ్వరం వచ్చినా నిద్ర పోదు కదా. లేదు అని రాసినవాళ్లని ఆ రోజు రక్తం తీయడానికీ లేబుళ్లకీ పెట్టం. రిపోర్టులు ఇచ్చే కౌంటరులో కూర్చోబెడతాం. తన్‌ఖా కోయం. మొదటి నెల అందరూ "అవును" అనే రాశారు. రెండో నెలలో ఒక నర్సమ్మ "లేదు" అని రాసింది. ఆమెకి పూర్తి తన్‌ఖా వచ్చిందని తెలిశాక మిగతావాళ్లూ రాయడం మొదలుపెట్టారు. అన్నట్టు, గల్తీకి నిద్ర ఒక్కటే కారణం కాదు. లేబుల్ పేషెంటు ముందే, ఆవిడ చేత పేరూ వయసూ చెప్పించి అంటించాలన్న కాయిదా కూడా అప్పుడే గట్టి చేశాం. నిద్ర సరిపోయినవాడూ లోపలి బల్ల మీద పొరబడగలడు.

మా టెక్నీషియన్ భాయ్ ఉద్యోగం నిలబడింది. కానీ లెక్క అతనికి కలిసి రాలేదు. మూడు రాత్రుల్లో నిబంధనలకి సరిపోయింది ఒక్క శనివారం రాత్రే. ఆదివారం పొద్దున ఐదింటికి అయిపోతే సోమవారం ఏడింటి దాకా 26 గంటలు ఖాళీ, వారానికి మొత్తం 56 గంటలు. మిగతా రెండు రాత్రులు పోయాయి. రాత్రికి 700 చొప్పున నెలకి దాదాపు 5,600. డాక్టరు గారు మెషీన్ల రికార్డు పని అప్పగించి రెండు వేలు పెంచారు. మిగతాది అతని ఇంటి మీద పడింది. ఒకరోజు అతని భార్య ఫోన్ చేసింది. "ఆపా, ఇప్పుడు రాత్రిపూట ఇంట్లో ఉంటున్నారు, షుక్రియా. పిల్లల ఫీజు ఎలా కట్టాలో కూడా ఆ కాగితంలో రాశారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒక్క నౌకరీతో ఇల్లు గడవని చోట ఈ నిబంధనలు సగం ఇన్సాఫే చేస్తాయి. మిగతా సగం తన్‌ఖాలో ఉంది. వచ్చే ఏడాది తన్‌ఖాలు మాట్లాడేటప్పుడు ఆవిడ మాటనే మొదట చెప్పాలని నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఫారం ఒక కాపీ ఇంటికి తెచ్చి అబ్బాకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "రాత్రి పదింటికి షట్టరు దించేవాణ్ణి. పొద్దున తొమ్మిదికి కంపెనీ. పదకొండు గంటలు. నేను పాసే" అన్నారు నవ్వుతూ. తర్వాత వారం లెక్క వేశారు. కంపెనీ 48, షాపు రోజుకి నాలుగు చొప్పున ఆరు రోజులు 24. మొత్తం 72.

"ఫెయిల్" అన్నారు. ఎడమ చేతి చూపుడు వేలి మీద మచ్చ తడుముకున్నారు. ఒక రాత్రి టైరు విప్పే ఇనుపకమ్మీ జారి తెగిన వేలు అది. కునుకు పట్టిందని అమ్మీకి కూడా చెప్పలేదట. పద్నాలుగేళ్లు కంపెనీకి తెలియకుండా నడిపారు. చెబితే ఉద్యోగం పోయేది.

"అప్పుడు నన్ను ఎవరైనా ఆపి ఉంటే బాగుండేదా అబ్బా?" అంటే, చాలాసేపు ఆలోచించి, "వేలు బాగుండేది. నీ బీకాం సంగతి చెప్పలేను" అన్నారు. కాగితం మడిచి నాకిచ్చేశారు.